ఒక్క ఫ్రేము సాక్ష్యం చాలదు

పద్య నాటకాల వీడియోలు పోగేసే మా చిన్న బృందం దగ్గర ఇప్పుడు దాదాపు 500 గంటల సరుకుంది. అది రకరకాల దారుల్లో వచ్చి చేరింది. కొన్ని పాత వీహెచ్ఎస్ క్యాసెట్ల నుంచి క్యాప్చర్ కార్డుతో కంప్యూటర్లోకి ఎక్కించినవి, కొన్ని నాటక పోటీలు పెట్టే పరిషత్తుల వాళ్ళు ఇచ్చిన డీవీడీలు, కొన్ని యూట్యూబ్ నుంచి దింపినవి, మిగతావి వాట్సాప్ గ్రూపుల్లో ముక్కలు ముక్కలుగా తిరిగినవి. ఒకే ప్రదర్శన మూడు నాలుగు వేషాల్లో ఉంటుంది. పేరు చూసి పోల్చుకుందామంటే ఒకదాని పేరు VTS_01_1.VOB, ఇంకోదాని పేరు VID-20190312-WA0004.mp4, మూడోదానికి ఎవరో అభిమాని "రాయబారం సూపర్" అని పెట్టాడు. డిస్కు నిండినప్పుడల్లా గ్రూపులో అదే ప్రశ్న: వీటిలో ఏవి ఒకటే, ఏవి తీసేయొచ్చు?

ముందుగా అందరూ చేసే పని ఫైళ్ళ చెక్‌సమ్ తీసి పోల్చడం. sha256sum నడిపితే అచ్చంగా ఒకే బైట్లున్న ఫైళ్ళు బయటపడతాయి. ఇది తప్పకుండా చేయాలి, ఎందుకంటే ఖర్చు లేని పని, తప్పు పోయే అవకాశం లేని పని. కానీ దాని చూపు అక్కడితో సరి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్ళీ కంప్రెస్ అవుతుంది, బైట్లన్నీ మారిపోతాయి. బొమ్మను ముట్టుకోకుండా mkv డబ్బాలోంచి mp4 డబ్బాలోకి మార్చినా చెక్‌సమ్ మారుతుంది. మనిషి కంటికి ఒకటే అనిపించేవి యంత్రానికి కూడా ఒకటే అనిపించాలంటే బైట్లను వదిలేసి బొమ్మను చూడాలి. పర్సెప్చువల్ హ్యాషింగ్ చేసేది అదే: బొమ్మను హ్యాష్ అనే చిన్న బిట్ల వరసగా మారుస్తుంది, దగ్గరి పోలికలున్న బొమ్మలకి దగ్గరి వరసలు వస్తాయి.

దీని మీద మాట్లాడుకునేటప్పుడు చర్చ ఎప్పుడూ రెండు విషయాల చుట్టూ తిరుగుతుంది: ఏ హ్యాష్ వాడాలి, ఎన్ని బిట్ల తేడా వరకు ఒకటే అనుకోవాలి. ఫొటోలకైతే ఆ చర్చ సబబే. వీడియోల దగ్గర మాత్రం అది రెండో వరస విషయం అని నా వాదన. వీడియోకి ఫొటోకి లేని ఆస్తి ఒకటుంది, కాలం. ఏ ఫ్రేము తర్వాత ఏ ఫ్రేము వచ్చింది, ఎంత ఎడంతో వచ్చింది అన్నదాన్ని వాడుకుంటే అతి సాదా హ్యాష్ కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. దాన్ని వాడుకోకపోతే ఎంత గొప్ప హ్యాష్ అయినా మనల్ని ముంచుతుంది.

సాదా హ్యాష్ అంటే ఎంత సాదానో చెప్తాను. dHash అనే దాన్నే నేను వాడతాను. నీల్ క్రావెట్జ్ 2013లో తన బ్లాగులో రాశాక బాగా ప్రచారంలోకి వచ్చిన పద్ధతి ఇది. ఫ్రేమును నలుపు తెలుపులోకి మార్చి, 9 నిలువు వరసలు, 8 అడ్డ వరసలు ఉండేంత చిన్న బొమ్మగా కుదించాలి. ఒక్కో అడ్డ వరసలో పక్కపక్కన ఉన్న చుక్కల్ని పోల్చాలి. ఎడమది కుడిదానికన్నా వెలుగుగా ఉంటే 1, లేకపోతే 0. 9 చుక్కల మధ్య 8 పోలికలు, అలాంటివి 8 వరసలు, మొత్తం 64 బిట్లు. అంతే. కుదించే పని ffmpeg చేసిపెడుతుంది:

```
ffmpeg -v error -i a.mp4 -vf "fps=1,format=gray,scale=9:8:flags=area" -f rawvideo -
```

సెకనుకి ఒక ఫ్రేము చొప్పున, ఫ్రేముకి 72 బైట్లు బయటికొస్తాయి. వాటిని హ్యాష్‌గా మార్చడం ఆరు లైన్ల పని.

```python
def dhash(b):
    h = 0
    for r in range(8):
        for c in range(8):
            h = (h << 1) | (b[r*9+c] > b[r*9+c+1])
    return h
```

రెండు హ్యాష్‌ల మధ్య దూరం అంటే ఎన్ని బిట్లు తేడాగా ఉన్నాయో లెక్కపెట్టడమే: `(x ^ y).bit_count()`.

తేడాలు ఎక్కడ పుడతాయో తెలియాలంటే ఒక వరసను దగ్గరగా చూడాలి. నల్లటి తెర ముందు నిలబడి కృష్ణ వేషధారి పద్యం పాడుతున్నాడనుకోండి. డీవీడీ ప్రతిలో అతని ఛాతీ దగ్గర వరస ఇలా ఉందనుకుందాం: 34, 36, 90, 142, 140, 88, 41, 30, 29. పోలికలు వేస్తే 00011111 వస్తుంది. ఇదే క్షణం వాట్సాప్ ప్రతిలో 36, 35, 88, 138, 139, 86, 42, 31, 29 అయింది. బొమ్మ కంటికి ఏమీ మారలేదు, కానీ హ్యాష్ 10001111. రెండు బిట్లు తిరగబడ్డాయి. ఏ రెండు? మొదటిది నల్లతెర మీద పక్కపక్కన ఉన్న రెండు చీకటి చుక్కల మధ్యది, రెండోది నటుడి ఛాతీ మీద దాదాపు సమానంగా వెలుగుతున్న రెండు చుక్కల మధ్యది. మనిషి అంచు దగ్గర, అంటే 36 నుంచి 90కి ఎగబాకే చోట, ఎంత కంప్రెస్ చేసినా బిట్ కదలదు. బల్లపరుపుగా ఉన్న చోట మాత్రం ఒక యూనిట్ అటూ ఇటూ అయినా బిట్ తిరగబడుతుంది.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. రంగురంగుల సెట్టింగు ముందు తీసిన ఫ్రేములో రెండు ప్రతుల మధ్య తేడా మూడు నాలుగు బిట్లు దాటకపోవచ్చు. చీకటి తెర ముందు ఒక్కడే నిలబడిన ఫ్రేములో అది పదిహేను కూడా దాటొచ్చు. అందరికీ సరిపోయే ఒక హద్దు ఏదీ లేదు. 10 పెడితే చీకటి ఫ్రేములు పోతాయి, 18 పెడితే సంబంధం లేనివి వచ్చి పడతాయి.

హద్దు 10 దగ్గరే లెక్క వేసి చూద్దాం. 64 బిట్లూ నాణెం ఎగరేసినట్టు పడతాయనుకుంటే, ఏ సంబంధమూ లేని రెండు ఫ్రేములు 10 బిట్ల లోపల కలిసే అవకాశం సుమారు పది కోట్లలో ఒక వంతు. వినడానికి ఎంతో భద్రంగా ఉంది. కానీ 500 గంటలంటే సెకనుకి ఒకటి చొప్పున 18 లక్షల ఫ్రేములు. వాటిని ఒకదానితో ఒకటి జతకడితే లక్షా అరవై వేల కోట్ల జతలు అవుతాయి. పది కోట్లకి ఒకటి చొప్పున చూసినా 16 వేల అబద్ధపు జతలు. పైగా అసలు బొమ్మలు నాణేల్లాంటివి కావు. నాటకాల వీడియోల్లో ఎప్పుడూ మధ్యలో ఒక మనిషి, వెనక ఒక తెర, కింద మైకులు. కాబట్టి అబద్ధాలు ఈ లెక్కకన్నా ఎన్నో రెట్లు ఎక్కువే వస్తాయి. "ఈ ఫ్రేము ఆ ఫ్రేముతో కలిసింది కాబట్టి ఈ వీడియో ఆ వీడియో కాపీ" అనే టూల్‌ని ఇంత సేకరణ మీద నమ్మడం నాకు చేతకాదు.

ఇప్పుడు కాలం సంగతి. నిజమైన కాపీలో ఒక ఫ్రేము కలిస్తే దాని తర్వాతిదీ కలుస్తుంది, ఆ తర్వాతిదీ కలుస్తుంది, పైగా ఎప్పుడూ ఒకే ఎడంతో కలుస్తాయి. ఒక ప్రతి మొదట్లో 47 సెకన్ల ప్రకటన అతికించి ఉంటే, డీవీడీలో 100వ సెకను ఆ ప్రతిలో 147వ సెకనుతో, 1000వ సెకను 1047వ సెకనుతో కలవాలి. అబద్ధపు జతలకి ఈ క్రమశిక్షణ ఉండదు. అవి ఒకటి 300 ఎడంలో, ఇంకోటి మైనస్ 1200 ఎడంలో చెల్లాచెదురుగా పడతాయి. కాబట్టి ఫ్రేములు కలిశాయా అని అడగడం మానేసి, కలిసిన ప్రతి జత చేత దాని ఎడానికి ఓటు వేయించాలి:

```python
from collections import Counter
votes = Counter()
for i, h in enumerate(A):
    for j in near(h):
        votes[j - i] += 1
```

ఇక్కడ A అనేది మొదటి వీడియో హ్యాష్‌ల వరస. near అనేది రెండో వీడియోలో దగ్గరి హ్యాష్‌లున్న సెకన్లను వెతికి ఇస్తుంది. చివర్లో votes ని గ్రాఫ్ గీస్తే కాపీ అయితే ఒక్కచోట శిఖరం లేస్తుంది.

ఇలా చేసినందువల్ల ఇంకో లాభం ఉంది, అది వేగం. 18 లక్షల హ్యాష్‌లు అన్నీ కలిపి 14 ఎంబీ పైచిలుకే, అది సమస్య కాదు. వెతకడమే బరువు. 64 బిట్లను 16 బిట్ల చొప్పున నాలుగు ముక్కలు చేస్తే, రెండు హ్యాష్‌ల తేడా 3 బిట్లు లేదా అంతకన్నా తక్కువైనప్పుడు కనీసం ఒక ముక్క అయినా అచ్చంగా కలిసి తీరాలి, ఎందుకంటే మూడు తేడాలు నాలుగు ముక్కల్నీ పాడుచేయలేవు. కాబట్టి నాలుగు డిక్షనరీలు కట్టుకుని, ముక్క కలిసిన వాటినే తెరిచి చూస్తే సరిపోతుంది. అన్నిటినీ తిరగేసే బాధ తప్పుతుంది. ఫొటోల వాళ్ళు 3 బిట్ల హద్దు మరీ కఠినం అంటారు, నిజమే. కానీ గంట నాటకంలో 3600 ఫ్రేములున్నాయి. పదింటిలో ఒక్క ఫ్రేమే ఆ హద్దు లోపల కలిసినా 360 ఓట్లు ఒకే ఎడానికి పడతాయి. ఆ ఎడం తెలిశాక మిగతా ఫ్రేముల్ని అదే ఎడం దగ్గర నేరుగా జతపెట్టి, అప్పుడు హద్దును 16కో 18కో సడలించి చూడొచ్చు. వెతికేటప్పుడు పిసినారిగా, సరిచూసేటప్పుడు ఉదారంగా ఉండాలన్నమాట. ఒకే హద్దుతో రెండు పనులూ చేయబోవడం వల్లే చాలామంది సగం రోజు ఆ అంకెను అటూ ఇటూ తిప్పుతూ గడుపుతారు.

ఈ మాట నేనొక్కడినే అంటున్నది కాదు. ఫేస్‌బుక్ 2019 ఆగస్టులో తన హ్యాషింగ్ పద్ధతుల కోడ్‌ని బయటపెట్టినప్పుడు ఫొటోలకి PDQ అని ఒకటి, వీడియోలకి TMK+PDQF అని వేరేది ఇచ్చింది. PDQ 256 బిట్లది, నా dHash కన్నా ఎంతో మెరుగైనది. అయినా వీడియోకి దాన్ని అలాగే వాడేసి ఊరుకోలేదు. ఫ్రేములు ఏ వరసలో ఎప్పుడు వచ్చాయన్నదాన్ని కూడా లోపల ఇముడ్చుకునే పద్ధతి తీసుకున్నారు.

ఇక ఒక అసలు జతను చూద్దాం. ఒకటి పరిషత్తు డీవీడీ, రెండోది ఎవరో యూట్యూబ్‌లో పెట్టిన ప్రతి. రెండూ ఒకే రాత్రి రాయబారం సీను. ఓట్లు లెక్కపెడితే ఒక శిఖరం రాలేదు, రెండు వచ్చాయి. మొదటిది 47 సెకన్ల దగ్గర, రెండోది మైనస్ 48 దగ్గర. జతల్ని కాలక్రమంలో గీసి చూస్తే విషయం తేటతెల్లం. మొదటి 22 నిమిషాలు 47 ఎడంతో సజావుగా నడిచి, అక్కడ ఒక్కసారిగా మెట్టు దిగినట్టు 95 సెకన్లు కిందికి పడి, ఆపైన చివరిదాకా మైనస్ 48తో నడిచింది. డీవీడీ పెట్టి 22వ నిమిషం దగ్గర వింటే జనం "వన్స్‌మోర్" అని అరుస్తున్నారు, నటుడు హార్మోనియం వైపు తిరిగి అదే పద్యం మళ్ళీ అందుకుంటున్నాడు. యూట్యూబ్ ప్రతి ఎడిట్ చేసిన మహానుభావుడు ఆ రెండోసారి పాడినదాన్ని నిడివి తగ్గించడానికి కోసేశాడు. అసలు రుచంతా ఆ రెండోసారి పాడడంలోనే ఉంటుందని అతనికెవరూ చెప్పలేదు.

మొత్తం వీడియోకి ఒక్క హ్యాష్ కట్టే టూల్స్‌కి ఈ మెట్టు కనబడదు. వీడియో డూప్లికేట్ ఫైండర్ అనే ఉచిత టూల్ వీడియో నిడివిని సమాన భాగాలు చేసి ఆయా చోట్ల థంబ్‌నెయిల్స్ తీసి పోలుస్తుంది. ఫోన్ బ్యాకప్పుల్లో పేరుకున్న అరనిమిషం క్లిప్పులకి అది చక్కని పద్ధతి, ఇంట్లో పిల్లల వీడియోలకైతే నేనూ అదే చెప్తాను. కానీ ముందు 47 సెకన్లు అదనంగా చేరి మధ్యలో 95 సెకన్లు పోయిన ప్రతిలో "సగం నిడివి దగ్గర" అన్న మాటకి అర్థమే మారిపోతుంది. రెండు థంబ్‌నెయిల్స్ రెండు వేర్వేరు క్షణాలవి. గంట వీడియోలోంచి వాట్సాప్‌కి కోసిన మూడు నిమిషాల ముక్క సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

క్యాసెట్ నుంచి ఎక్కించిన వాటిలో మెట్లు ఇంకో రకంగా వస్తాయి. క్యాప్చర్ చేసేటప్పుడు అక్కడక్కడా ఫ్రేములు జారిపోతాయి, కాబట్టి ఎడం 12తో మొదలై గంట తిరిగేసరికి 9కి చేరుతుంది. ఓట్లు 12, 11, 10, 9 మధ్య పంచుకుపోయి శిఖరం చప్పగా కనిపిస్తుంది. పక్కపక్క ఎడాలను రెండు మూడు కలిపి లెక్కిస్తే ఇది సర్దుకుంటుంది. కోతా, జారడమా అన్నది మెట్టు సైజే చెప్తుంది. జారితే ఒక్కో సెకను, కోస్తే ఒకేసారి పదుల సెకన్లు.

ఓట్లు ఎంత నమ్మకమైనవైనా దొంగ ఓట్లు పడే చోట్లున్నాయి. అన్నిటికన్నా చెడ్డవి నల్ల ఫ్రేములు. అచ్చమైన నలుపులో ఎడమ చుక్క కుడిదానికన్నా వెలుగుగా ఉండదు కాబట్టి 64 బిట్లూ సున్నాలే, ప్రపంచంలోని నల్ల ఫ్రేములన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి. 72 బైట్లలో అతి పెద్దదానికీ అతి చిన్నదానికీ తేడా ఓ పాతిక లోపే ఉంటే ఆ ఫ్రేమును వెతుకులాటలోంచి తీసేస్తాను. తర్వాతి దొంగ తెర. సీనుకీ సీనుకీ మధ్య దించిన తెర నిమిషాలకి నిమిషాలు కదలకుండా ఉంటుంది, అదే పరిషత్తులో ఆడిన ప్రతి నాటకంలోనూ అదే తెర. మూడోది యూట్యూబ్ ఛానెళ్ళ టైటిల్ కార్డు. వీటిని ఒక్కొక్కటిగా వేటాడే బదులు, ఒక హ్యాష్ మొత్తం సేకరణలో ఎన్ని వేర్వేరు ఫైళ్ళలో కనబడుతోందో లెక్కపెట్టుకుంటే చాలు. ఎన్నో ఫైళ్ళలో కనబడే హ్యాష్‌కి ఓటుహక్కు తీసేయాలి. అరుదైన ఫ్రేము కలిసిందంటేనే దానికి విలువ. తెర కలిసిందంటే తెర ఒకటేనని మాత్రమే తెలుస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా ఒక రకం వీడియోల దగ్గర పద్ధతి నిజంగా తడబడుతుంది. పరిషత్తు పోటీల్లో కెమెరాను హాలు మధ్య దారిలో స్టాండు మీద బిగించి రాత్రంతా కదపరు. ఒకే రంగస్థలం, ఒకే లైట్లు, ఒకే దర్బారు సెట్టింగు, కెమెరా అదే చోట. సోమవారం ఒక నాటక సమాజం వాళ్ళు ఆడిన నాటకాన్నే మంగళవారం ఇంకో సమాజం ఆడుతుంది. 9 నిలువు వరసల బొమ్మలో మనుషులు ఒకటి రెండు చుక్కలు. మిగతా అంతా సెట్టింగే. ఈ రెండు వీడియోలు ఫ్రేముకి ఫ్రేము కలుస్తాయి, వేలకి వేలు కలుస్తాయి. ఫ్రేముల లెక్కను నమ్మేవాళ్ళు ఇక్కడ రెండో సమాజం ప్రదర్శనను నిశ్చింతగా డిలీట్ చేస్తారు.

ఓట్ల గ్రాఫ్ దీన్ని పట్టిస్తుంది, అయితే చదవడం తెలియాలి. కదలని కెమెరా వీడియోల్లో ఏ ఫ్రేమైనా ఏ ఫ్రేముతోనైనా కలుస్తుంది కాబట్టి ఓట్లు అన్ని ఎడాలకీ పడతాయి. గ్రాఫ్ చూస్తే సున్నా దగ్గర ఎత్తుగా ఉండి రెండు వైపులా వాలుతుంది. అది శిఖరం అని భ్రమపడకూడదు. రెండు గంట వీడియోల్ని సున్నా ఎడంలో పెడితే 3600 సెకన్లు ఒకదాని మీద ఒకటి పడతాయి, 30 నిమిషాల ఎడంలో పెడితే 1800 సెకన్లే పడతాయి. ఓట్లు తగ్గడానికి కారణం అదే. ప్రతి ఎడం ఓట్లనీ ఆ ఎడంలో ఎన్ని సెకన్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయో దాంతో భాగిస్తే, సోమవారం మంగళవారం జత బల్లపరుపు పీఠభూమి అయిపోతుంది. నిజమైన కాపీ భాగించాక కూడా ఒక్కచోట నిక్కి నిలబడుతుంది. నాటకం నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి పక్క సెకన్లకీ కొన్ని ఓట్లు పడి శిఖరం సూదిలా కాక గుట్టలా ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. నేను చూసేది అతి ఎత్తైన చోటుకీ, మిగతా ఎడాల మధ్యగతానికీ నిష్పత్తి.

పీఠభూమి వచ్చినప్పుడు బొమ్మ చేతులెత్తేసిందని అర్థం, అక్కడ శబ్దం దగ్గరికి వెళ్ళాలి. క్రోమాప్రింట్ అనే ఉచిత లైబ్రరీ పాటల్ని గుర్తుపట్టడానికి తయారైంది. దాని fpcalc ఆదేశం -raw తో నడిపితే ఆడియోకి కూడా ఇలాంటి 32 బిట్ల అంకెల వరసే ఇస్తుంది. ఓట్ల కోడ్ మార్చక్కర్లేదు. ఒకే పద్యం, ఒకే రాగం అయినా ఇద్దరు నటులు ఒకే చోట ఊపిరి తీసుకోరు, ఆలాపన ఒకే నిడివిలో సాగదీయరు. కాబట్టి వేర్వేరు ప్రదర్శనలు అక్కడ విడిపోతాయి. fpcalc ఏమీ చెప్పకపోతే మొదటి 120 సెకన్లే చదువుతుంది, -length పెంచి ఇవ్వాలి. నాటకంలో మొదటి రెండు నిమిషాలంటే నిర్వాహకుల అనౌన్స్‌మెంటే అయిపోదు.

పక్క నల్లపట్టీల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా దగ్గర తప్పిపోయిన కాపీల్లో ఎక్కువ వీటివల్లే. పాత నాటకాలు 4:3 బొమ్మలు. ఎవరైనా దాన్ని అడ్డంగా సాగదీసి 16:9 చేస్తే మనుషులు లావుగా కనబడతారు గానీ dHash కి అదేమీ పట్టదు. ఎలాగూ అన్నిటినీ 9 బై 8లోకి నొక్కేస్తాం కదా. అదే పెద్దమనిషి బొమ్మను పాడుచేయకుండా రెండు వైపులా నల్లపట్టీలు పెట్టి 16:9 చేస్తే హ్యాష్ పూర్తిగా దెబ్బతింటుంది. బొమ్మ వెడల్పులో నాలుగింట మూడొంతులే, ఒక్కో పట్టీ ఎనిమిదో వంతు. 9 నిలువు వరసల్లో ఒక్కో వైపు ఒక వరస పూర్తిగా నలుపైపోయి, అసలు బొమ్మ మిగతా ఏడింటిలోకి ముడుచుకుంటుంది. చుక్కలన్నీ చోటు మారతాయి. కంటికి మర్యాదగా కనబడే ప్రతే యంత్రానికి అపరిచితం. అందుకని హ్యాష్ కట్టే ముందు ffmpeg లోని cropdetect తో పట్టీలు ఎక్కడున్నాయో కనుక్కుని కోసేయాలి. 1920 బై 1080 వీడియో అయితే round=2 పెట్టి నడిపినప్పుడు అది crop=1440:1080:240:0 అని చెప్తుంది. మొదటి పది సెకన్లు చూసి వదిలేయకండి. నాటకం చీకట్లో మొదలవుతుంది, రంగస్థలం పక్కల చీకటిని కూడా అది పట్టీ అనుకుని కోసేయమంటుంది. మధ్యలో నాలుగైదు చోట్ల చూసి, వాటిలో అతి పెద్ద చట్రాన్ని తీసుకోవాలి. బొమ్మను అద్దంలోలా తిప్పి పెట్టినవీ, చుట్టూ మసక పూసి నిలువు రీల్ చేసినవీ ఉన్నాయి. తిప్పినవాటికి తిప్పిన హ్యాష్ ఇంకోటి కట్టి వెతకొచ్చు, రీల్స్‌ని బొమ్మతో వెతకడం నేను మానేశాను. వాటికి శబ్దమే దారి.

ఇక గుంపులు కట్టే దగ్గర ఒక గొడవ. చాలా టూల్స్ A వీడియో B తో కలిసింది, B వీడియో C తో కలిసింది, కాబట్టి మూడూ ఒకే గుంపు అంటాయి. ఎవరో "ఆణిముత్యాల్లాంటి పద్యాలు" అని ఇరవై నాటకాల్లోంచి తలా మూడు నిమిషాలు కోసి ఒక వీడియో చేసి పెట్టారనుకోండి. ఆ ఒక్క ఫైలు ఇరవై నాటకాలతోనూ న్యాయంగానే కలుస్తుంది, ఆ వంకన ఇరవై నాటకాలూ ఒకే గుంపులో పడతాయి, వాటిలో "మంచిదాన్ని ఉంచి మిగతావి తీసేయనా" అని టూల్ వినయంగా అడుగుతుంది. అందుకే నేను గుంపులు కట్టను. జతకి ఒక లైను రాసుకుంటాను: ఈ ఫైలులో ఇక్కడి నుంచి ఇక్కడిదాకా, ఆ ఫైలులో అక్కడి నుంచి అక్కడిదాకా. ఓట్లలో ఎడం ఎలాగూ తెలుసు కాబట్టి ఈ హద్దులు ఉచితంగానే వస్తాయి. ఒక ఫైలు మొత్తం ఇంకో ఫైలులో ఇమిడిపోతేనే దాన్ని తీసేయొచ్చా అన్న ప్రశ్న పుడుతుంది. వన్స్‌మోర్ కోసేసిన యూట్యూబ్ ప్రతి, మొదట్లో ప్రకటన ఒక్కటి మినహా, డీవీడీలో ఇమిడిపోతుంది. డీవీడీ దానిలో ఇమడదు. సంకలనం ఏ ఒక్కదానిలోనూ ఇమడదు, కాబట్టి అది ఎవరి జోలికీ పోదు, దాని జోలికీ ఎవరూ పోనక్కర్లేదు.

ఏది ఉంచాలి అన్న ప్రశ్నకి హ్యాష్ దగ్గర జవాబు వెతక్కూడదు. క్వాలిటీ తేడాల్ని పట్టించుకోకుండా ఉండడానికే దాన్ని తయారుచేశారు. రెజల్యూషన్ ఎక్కువున్నదాన్ని ఉంచమని మా గ్రూపులో ఒకాయన పట్టుబడతారు. డీవీడీ 720 బై 576, యూట్యూబ్ ప్రతి 1920 బై 1080. కానీ ఆ 1080 ఆ డీవీడీనే సాగదీసి తీసింది, దాని మీద ఒక మూలన ఛానెల్ లోగో, ఆడియోలో పైస్థాయి స్వరాలు కోసుకుపోయి హార్మోనియం గొంతు బొంగురుపోయింది. అంకెలు చూస్తే పెద్దది, వింటే పేదది. నేను డీవీడీనే ఉంచాను, ఆయన ఇంకా ఒప్పుకోలేదు.

ఇప్పటికీ మా మధ్య తేలనిది ఇంకోటుంది. ఒకే ప్రదర్శనను హాలు మధ్య నుంచి పరిషత్తు కెమెరా, పక్క రెక్కలోంచి ఒక నటుడి కొడుకు ఫోనూ తీశాయి. బొమ్మలో ఒక్క ఓటు కూడా కలవలేదు. శబ్దంలో మాత్రం గంటా పది నిమిషాలు ఒకే ఎడంతో శిఖరం నిలబడింది. డూప్లికేట్ అని ఆయన అంటారు. ఫోను వీడియోలో తెర వెనక తర్వాతి సీను అర్జునుడు కిరీటం సర్దుకుంటూ టీ తాగుతున్నాడు, అది పరిషత్తు వీడియోలో లేదు. నా జాబితాలో ఆ రెండు ఫైళ్ళ మధ్య "శబ్దం ఒకటే, చూపు వేరు" అని రాసి, రెండిటినీ అలాగే ఉంచాను.